బంగారం చివరికి దేనికి?

గూళూరు చుట్టుపక్కల ఊళ్లలో డబ్బు నెలనెలా రాదు. శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుగూళ్లు అమ్మిన రోజు వస్తుంది, చింతామణిలో టమాటాకు ధర పలికిన వారం వస్తుంది, శనక్కాయలు తూకం వేసినప్పుడు వస్తుంది. మిగతా నెలలు ఖర్చులే. అందుకే చేతికి లక్షో రెండు లక్షలో ఒక్కసారిగా వచ్చినప్పుడు, అది కరిగిపోకముందే బాగేపల్లికో చిక్కబళ్లాపురానికో పోయి సొమ్ము కొనేసుకోవడం ఇక్కడి అలవాటు. ఆ అలవాటు తప్పు కాదు. ఇంట్లో నోట్లు ఉంటే అడిగేవాళ్లు వస్తారు, మెడలో సరం ఉంటే ఎవరూ అడగరు. పొదుపు నిలవడానికి అదొక గట్టి కట్టుబాటు.

ఇప్పుడు కొడుకో కూతురో బెంగళూరు నుంచి వచ్చి "నాయనా, నగలెందుకు, గోల్డు ఫండులో పెట్టు, గవర్నమెంటు బాండు కొను" అంటున్నారు. తండ్రికి నమ్మకం కుదరదు. తల్లికి మెడలో కనబడని బంగారం బంగారంలా తోచదు. ఈ వాదన మూడొంతుల ఇళ్లలో తేలకుండానే ఆగిపోతుంది, ఎందుకంటే అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగరు. నగ మంచిదా, ఫండు మంచిదా అన్న దానికి ఒకే జవాబు లేదు. ఈ బంగారం చివరికి దేనికి వాడతారు అన్నది ముందు తేల్చుకోవాలి. బంగారానికి నాలుగు దారులే ఉన్నాయి: వేసుకుంటారు, పాతది ఇచ్చి కొత్తది మార్చుకుంటారు, అమ్మి డబ్బు చేసుకుంటారు, లేదా కుదువ పెడతారు. నాలుగింటికీ లెక్క నాలుగు రకాలుగా తేలుతుంది. ఈ అధ్యాయంలో ఒకే ఇంటి రెండు లక్షల్ని తీసుకుని ఆ నాలుగు లెక్కలూ చివరిదాకా వేసి చూద్దాం.

అంగడి బిల్లులో రెండు లక్షలు

గూళూరులో ఒక ఇల్లు అనుకుందాం. కూతురికి పదేళ్లు. పంట డబ్బులో రెండు లక్షలు ఆ పిల్ల పేరున బంగారంలో పెట్టాలని ఉంది. లెక్క సులువుగా ఉండాలని 22 క్యారెట్ల గ్రాము ధర 10,000 రూపాయలు అనుకుందాం. మీరు చదివే రోజున ధర వేరుగా ఉంటుంది. శాతాలు మాత్రం ఇలాగే పనిచేస్తాయి.

ధర పదివేలు కాబట్టి రెండు లక్షలకు 20 గ్రాములు వస్తాయని ఎవరికైనా అనిపిస్తుంది. రావు. నగ మీద తరుగు ఉంటుంది, మజూరీ ఉంటుంది. ఈ రెండూ కలిపి సాదా గాజులకు తక్కువగా, నగిషీ పని ఉన్న హారాలకు చాలా ఎక్కువగా ఉంటాయి. మధ్యస్థంగా 14 శాతం తీసుకుందాం. ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. ఇప్పుడు బిల్లు ఇలా ఉంటుంది: 17 గ్రాముల బంగారం 1,70,000 రూపాయలు, తరుగు మజూరీ 23,800, జీఎస్టీ 5,814. మొత్తం 1,99,614. హాల్‌మార్క్ రుసుము ఒక నగకు 45 రూపాయలు, దాని మీద పన్ను కలిపినా అరవై దాటదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అంటే అంగడి మెట్లు దిగేసరికి దాదాపు 30 వేలు బంగారం కాకుండా పోయాయి. అమ్మాలనుకుంటే గ్రాము ధర 11,740కి పెరిగిన రోజున గానీ పెట్టిన డబ్బు పెట్టినట్టు కూడా తిరిగి రాదు. దీన్ని మోసం అనకూడదు. ఆచారి రాత్రింబగళ్లు కూర్చుని చేసిన పనికి కూలి అది. నగ వేసుకునేవాళ్లకు ఆ కూలి విలువ దక్కుతుంది. దాచిపెట్టి అమ్మేవాళ్లకు దక్కదు, అంతే తేడా.

మోసం జరిగేది వేరే చోట, తూకంలో. రాళ్లు పొదిగిన కమ్మలు, పూసలు గుచ్చిన సరం తూచేటప్పుడు రాళ్ల బరువు కూడా బంగారం ధరకే కడితే ఒకటిన్నర గ్రాము రాళ్లకు 15 వేలు కట్టినట్టవుతుంది. అదే నగ తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం రాళ్లు ఊడదీసి తూస్తారు. అందుకే బిల్లు మీద మొత్తం తూకం, రాళ్ల తూకం, నికర తూకం విడివిడిగా రాయమని అడగండి. "అన్నా, రాళ్లు తీసి తూకం ఎంతో బిల్లులో రాసియ్యండన్నా" అంటే మంచి అంగడివాళ్లు ఏమీ అనుకోరు. గుండ్ల సరాల్లో గుండు లోపల లక్క నింపి ఉంటే దాని బరువూ అంతే, బంగారం కాదు.

ఇంకొకటి, నగ మీద ముద్ర. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ త్రికోణపు గుర్తు, 22K916 అన్న స్వచ్ఛత, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. ఆ ఆరింటినీ ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి Verify HUID అన్న చోట కొడితే, ఆ నగ గాజా ఉంగరమా, ఎన్ని క్యారెట్లు, ఎక్కడ పరీక్ష చేశారు అన్నది కనబడుతుంది. మీ చేతిలో ఉన్నది సరం అయితే తెర మీద ఉంగరం అని వస్తే కొనకండి. డబ్బు కట్టకముందే, అంగట్లోనే చేయవలసిన పని ఇది. రెండు నిమిషాలు చాలు.

అదే డబ్బు ఫండులో

గోల్డు ఈటీఎఫ్ అంటే, మ్యూచువల్ ఫండు సంస్థ మేలిమి బంగారం కొని ఖజానాలో పెట్టి, దాన్ని చిన్న చిన్న యూనిట్లుగా షేర్ల బజారులో అమ్మే పథకం. మన దేశంలో మొదటిది 2007లో వచ్చింది. ఈటీఎఫ్ కొనాలంటే డీమ్యాట్ ఖాతా ఉండాలి. గోల్డు ఫండుకు అది అక్కర్లేదు. ఆ ఫండు మీ డబ్బు తీసుకుని ఈటీఎఫ్ యూనిట్లు కొంటుంది. పాన్ కార్డు, ఆధార్, ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఐదారు వందలతో కూడా మొదలుపెట్టవచ్చు. గూళూరు లాంటి చోట ఇదే సులువు. డీమ్యాట్ ఖాతాకు ఏటేటా కట్టే రుసుము ఉంటుంది, చిన్న మొత్తానికి అది బరువు.

రెండు లక్షలు పెడితే స్టాంపు సుంకం పది రూపాయలు పోతుంది. మిగిలిందంతా బంగారం విలువే. ఇక్కడ కూలి లేదు, తరుగు లేదు. కానీ ఖర్చు లేదని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. ఖజానా అద్దె, బీమా, నిర్వహణ అంటూ ఏటేటా కొంత తీసుకుంటారు. ఈటీఎఫ్ ఖర్చూ, దాని మీద ఫండు ఖర్చూ రెండూ కలిపి ఏడాదికి 0.8 శాతం అనుకుందాం. ఆ డబ్బు మీ జేబులోంచి అడగరు, యూనిట్ ధరలోంచే రోజూ కొద్దికొద్దిగా తగ్గిస్తారు, అందుకే కంటికి ఆనదు. ఎనిమిదేళ్లకు అది బంగారం విలువలో 6 శాతానికి పైగా అవుతుంది. ఒకే ఫండులో డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు రకాలుంటాయి. రెగ్యులర్‌లో మధ్యవర్తి కమీషను కూడా ఏటేటా పోతూనే ఉంటుంది. మీరే సంస్థ వెబ్‌సైటులో కొంటే డైరెక్ట్ దొరుకుతుంది. కొనేముందు రెండు అంకెలు చూడండి: ఖర్చు శాతం ఎంత, ఎన్నాళ్లలోపు తీస్తే రుసుము కోస్తారు.

ఎనిమిదేళ్ల తర్వాత

పిల్లకు పద్దెనిమిదేళ్లు వచ్చాయి. గ్రాము ధర రెండింతలై 20,000 అయిందనుకుందాం. రెండింతలవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2012 చివర్లో పది గ్రాముల మేలిమి 31 వేల చుట్టుపక్కల ఉండేది, 2018లోనూ ఇంచుమించు అక్కడే ఉంది. ఆరేళ్లు కదలని కాలం మళ్లీ రావచ్చు. ఇది లెక్క కోసం అనుకుంటున్నది మాత్రమే.

నగ కొన్నవాళ్ల దగ్గర 17 గ్రాములున్నాయి. ఫండులో పెట్టినవాళ్ల ఖాతాలో, ఖర్చులు పోను, దాదాపు 3,75,000 రూపాయలున్నాయి.

మొదటి దారి, ఆ నగనే పిల్ల పెళ్లికి వేసుకుంది అనుకోండి. ఫండువాళ్లు ఆ డబ్బుతో నగ కొనాలంటే ఆ రోజు ధరకు తరుగు, మజూరీ, జీఎస్టీ కట్టాలి. గ్రాము 23,480 దాకా పడుతుంది. 16 గ్రాములకు కొంచెం తక్కువే వస్తుంది. అంటే ముందే నగ కొన్నవాళ్లే ఒక గ్రాము ఎక్కువ మిగుల్చుకున్నారు! ఫండు గురించి చెప్పేవాళ్లు ఈ మాట దాటవేస్తారు. మజూరీ పాత ధర మీద కట్టడమా, కొత్త ధర మీద కట్టడమా అన్నదే ఇక్కడ తేడా. ఎప్పటికీ మారని నగలు, అంటే మాంగల్యం, నల్లపూసలు, సాదా గాజులు, అమ్మ వేసుకుని కూతురికి ఇచ్చే గుండ్ల సరం, వీటిని నగలుగానే కొనుక్కోండి. ఇందులో ఫండుకు పనిలేదు.

రెండో దారి, ఎక్కువ ఇళ్లలో జరిగేది. పదేళ్ల పిల్లకు కొన్న హారం పద్దెనిమిదేళ్ల పిల్లకు నచ్చదు. పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటారు. అంగట్లో కరగబెట్టి చూసి, రెండు మూడు శాతం తగ్గించి లెక్కకడతారు. 17 గ్రాములు పదహారున్నర అవుతాయి, విలువ 3,30,000. దానితో మళ్లీ తరుగు, మజూరీ, జీఎస్టీ కట్టి కొత్త హారం తీసుకుంటే 14 గ్రాములు వస్తుంది. ఫండువాళ్లకు 16 గ్రాములు వస్తుందని ఇందాకే చూశాం. ఒక్కసారి మార్చినందుకు రెండు గ్రాములు పోయాయి. మూడు నాలుగు పెళ్లిళ్లకు మూడు నాలుగు సార్లు మార్చిన ఇళ్లలో బంగారం ఎంత తరిగిందో పాత బిల్లులు తీసి కూడుకుంటే తెలుస్తుంది. నగను మార్చడమే అసలు నష్టం. దాచడం వల్ల వచ్చే నష్టం దానిముందు చిన్నది.

మూడో దారి, పిల్ల నర్సింగో ఇంజనీరింగో చదువుతానంటే డబ్బు కావాలి. నగ అమ్మితే 3,30,000. ఫండు తీస్తే 3,75,000, అదీ రెండు మూడు పనిదినాల్లో బ్యాంకులో పడుతుంది. తేడా 45 వేలు. అమ్మేదే ఖాయమైతే నగ ఏ రకంగానూ సాటి రాదు.

ఇక్కడ పన్ను సంగతి చెప్పాలి. నగైనా గోల్డు ఫండైనా 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జూలై బడ్జెట్ మార్పుల వల్ల ఇప్పుడు రెండింటికీ ఒకటే లెక్క. బజారులో కొన్న ఈటీఎఫ్‌కు మాత్రం 12 నెలలు చాలు. మన ఫండు ఉదాహరణలో లాభం 1,75,000. ఉద్యోగస్తుడైతే దాదాపు 22 వేలు కట్టాలి. ఇంట్లో వ్యవసాయ ఆదాయం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లకు కొత్త పద్ధతిలో నాలుగు లక్షల దాకా మినహాయింపు ఉంది కాబట్టి ఈ లాభం అందులోనే ఇమిడిపోతుంది, పన్ను పడదు. అందుకే ఫండు ఇంట్లో ఎవరి పేరున ఉండాలన్నది ఆలోచించవలసిన విషయం. బెంగళూరులో జీతం తీసుకుంటున్న కొడుకు పేరున పెడితే పన్ను పడుతుంది, ఊళ్లో సేద్యం చేసే తండ్రి తన డబ్బు తన పేరున పెట్టుకుంటే పడకపోవచ్చు.

కుదువ పెట్టవలసిన బంగారం

ఇప్పటిదాకా ఫండు రెండు దారుల్లో నెగ్గింది. కానీ మన ప్రాంతంలో బంగారం ఎక్కువగా చేసే పని ఇంకొకటి ఉంది. బోరు ఎండిపోతే కొత్త బోరు వేయించాలి, టమాటా నారుకూ మందులకూ జూన్‌లో డబ్బు కావాలి, రాత్రికి రాత్రి ఎవరినో ఆసుపత్రికి తీసుకుపోవాలి. అప్పుడు ఇంటి ఆడవాళ్ల మెడలోని సరమే బ్యాంకుకు పోతుంది. గంటలో డబ్బు చేతికి వస్తుంది. పంట రాగానే విడిపించుకుంటారు. సేద్యం చేసే ఇంటికి నగ అంటే సగం అలంకారం, సగం పంట పెట్టుబడి.

ఈ పని గోల్డు ఫండు చేయలేదు. బంగారం మీద అప్పుల గురించి రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలు 2026 ఏప్రిల్ నుంచి అన్ని బ్యాంకులకూ, ఫైనాన్స్ కంపెనీలకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం నగలూ, ఒక పరిమితి దాకా నాణేలూ కుదువకు తీసుకోవచ్చు. బంగారు బిస్కెట్లు తీసుకోకూడదు. గోల్డు ఈటీఎఫ్, గోల్డు ఫండు యూనిట్ల మీదా అప్పు ఇవ్వకూడదు. మజూరీ మిగులుతుందని బిస్కెట్ కొని, దాన్నే కుదువ పెట్టుకోవచ్చులే అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. నాణేలకైతే మనిషికి 50 గ్రాముల హద్దు.

కొత్త ఆదేశాల్లో రైతుకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. ఇంటి ఖర్చులకు తీసుకునే అప్పు రెండున్నర లక్షల దాకా అయితే నగ విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చు. అక్కణ్నుంచి ఐదు లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం. విలువ కట్టేటప్పుడు గత 30 రోజుల సగటు ధర, ముందురోజు ముగింపు ధర, ఈ రెండింటిలో తక్కువది తీసుకుంటారు. రాళ్లకు విలువ లేదు. ఇలాంటి అప్పును అసలూ వడ్డీ అంతా ఒకేసారి కట్టేలా తీసుకుంటే గడువు పన్నెండు నెలలు దాటకూడదు, ఆ 85 శాతం లెక్కలో చివరికి కట్టవలసిన వడ్డీని కూడా కలిపే చూస్తారు. కాబట్టి చేతికి వచ్చేది 85 కన్నా తక్కువే. అప్పు తీర్చాక ఏడు పనిదినాల్లోపు నగ తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత ఆలస్యం బ్యాంకుదే అయితే రోజుకు ఐదు వేల చొప్పున వాళ్లే మీకు కట్టాలి.

నగ కుదువ పెట్టే రోజున ఇచ్చే పత్రంలో నికర తూకం, స్వచ్ఛత, నగల వివరాలు, ఉన్న సొట్టలతో సహా రాసి ఉండాలి. మీరు ఎదురుగా ఉండగానే పరీక్ష చేయాలి. ఇంటికి రాకముందే ఆ పత్రాన్ని మీ కొన్న బిల్లుతో పోల్చి చూసుకోండి. నికర తూకం బిల్లుకన్నా బాగా తక్కువ వస్తే కొన్నప్పుడు రాళ్లకో లక్కకో ధర కట్టారన్నమాట, ఇకపై ఎక్కడ కొనకూడదో తెలుస్తుంది.

ఎన్ని గ్రాములు ఇలా ఉంచాలి? ఒక పంటకు కావలసిన పెట్టుబడి చూడండి. ఆ ఇంటికి లక్షన్నర అవసరమైతే, గ్రాము పదివేల లెక్కన 20 గ్రాముల సాదా సొమ్ము చాలు. రాళ్లు లేనిది, మజూరీ తక్కువది, నిత్యం వేసుకోగలిగేది. అంతకుమించి బీరువాలో పెరిగే నగకు కుదువ అనేది సాకు అవుతుంది గానీ అవసరం కాదు.

గవర్నమెంటు బాండు ఎక్కడికి పోయింది?

మూడు రకాల్లో దీనంత మంచిది లేదు. కానీ ఇప్పుడు కొత్తది దొరకదు.

కేంద్రం 2015 నవంబరులో సావరిన్ గోల్డు బాండ్లు మొదలుపెట్టింది. రిజర్వు బ్యాంకు జారీ చేసేది, బ్యాంకుల్లో, ఎంపిక చేసిన పోస్టాఫీసుల్లో అమ్మేవాళ్లు. మొదట రెండు గ్రాముల నుంచి, తర్వాత ఒక గ్రాము నుంచి కొనుక్కునే వీలుండేది. మొదటి విడత గ్రాము 2,684 రూపాయలకు ఇచ్చారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 నవంబరు 30న, గ్రాముకు 6,132 చొప్పున తిరిగి చెల్లించారు. 20 గ్రాములు కొన్నవాళ్లు పెట్టింది 53,680, వచ్చింది 1,22,640. పైగా ఏడాదికి 2.75 శాతం వడ్డీ, ఆరు నెలలకోసారి 738 రూపాయల చొప్పున ఖాతాలో పడుతూ వచ్చింది. ఎనిమిదేళ్లకు అది 11,800 దాటింది. తరుగు లేదు, ఖజానా ఖర్చు లేదు, అసలు లాభం మీద పన్ను లేదు. ఇక్కడ బంగారం తన మీద తాను వడ్డీ కూడా తెచ్చింది. తర్వాతి విడతల్లో వడ్డీ 2.5 శాతానికి తగ్గించారు.

కొన్నవాళ్లకు ఎంత మంచిదో ప్రభుత్వానికి అంత భారం. ధర పెరిగిన కొద్దీ తిరిగి చెల్లించవలసింది పెరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో గ్రాము 6,263 ధరకు ఇచ్చిన విడతే చివరిది. ఆ తర్వాత కొత్త బాండ్లు జారీ కాలేదు. కాబట్టి "కొత్త గవర్నమెంటు బాండు వచ్చింది, పైసలు కట్టండి" అని ఎవరైనా ఫోను చేసినా, ఇంటికొచ్చినా, రిజర్వు బ్యాంకు ప్రకటన కళ్లారా చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

పాత బాండ్లు షేర్ల బజారులో చేతులు మారుతుంటాయి, డీమ్యాట్ ఉంటే కొనవచ్చు. కొనేముందు మూడు సంగతులు చూడాలి. ఆ రోజు మేలిమి బంగారం ధరకన్నా బాండు ఎక్కువ పలుకుతోందా? చాలాసార్లు పలుకుతుంది, అమ్మేవాళ్లు తక్కువ కాబట్టి. వడ్డీ ఎంత గిట్టుబాటు? 2.5 శాతం అన్నది మొదట జారీ చేసిన ధర మీదే. 6,263కి ఇచ్చిన బాండును మీరు 10,000కు కొంటే ఏడాదికి 157 రూపాయలు వస్తుంది, అంటే మీ డబ్బు మీద ఒకటిన్నర శాతం చిల్లరే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గడువు తీరాక వచ్చే లాభం మీద పన్ను మినహాయింపును, మొదట జారీ అయినప్పుడు కొని చివరిదాకా ఉంచుకున్నవాళ్లకే పరిమితం చేస్తూ 2026 బడ్జెట్ మార్చింది. బజారులో కొన్నవాళ్లకు ఆ మినహాయింపు లేదు. అది పోయాక, ఎక్కువ ధర పెట్టి పాత బాండు కొనడంకన్నా మన ఇంటికి ఫండే సులువు.

ఇప్పటికే బాండ్లు ఉన్నవాళ్లు వాటిని కదపవద్దు. ఐదేళ్లు దాటాక వడ్డీ తేదీల్లో ముందుగా తీసుకునే వీలుంది గానీ, అలా తీసుకుంటే ఇప్పుడు లాభం మీద పన్ను పడుతుంది. ఎనిమిదేళ్లూ ఉంచితే పడదు. డబ్బు మరీ అవసరమైతే బాండును తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చని పథకంలోనే ఉంది, ముందు మీ బ్యాంకులో అడిగి చూడండి. గడువు రోజున డబ్బు అడగకుండానే ఖాతాలో పడుతుంది, కానీ ఏ ఖాతాలో? ఎనిమిదేళ్ల కిందట రాసిచ్చిన ఖాతాలో. ఈ మధ్యలో బ్యాంకులు విలీనమై ఐఎఫ్‌ఎస్‌సీ మారినవాళ్లు, ఖాతా మూసేసినవాళ్లు చాలామంది. ఆరు నెలల వడ్డీ పడటం ఆగిందంటే అదే గుర్తు. బాండు కొన్న శాఖకు పోయి ఖాతా వివరాలు మార్పించుకోవాలి, నామినీ పేరూ సరిచూసుకోవాలి.

ఆ ఇంటి రెండు లక్షలు

మళ్లీ గూళూరు ఇంటికి వద్దాం. తల్లి దగ్గర ఇప్పటికే పన్నెండు గ్రాముల సరం ఉంది. పంటకు కుదువ పెట్టుకోవడానికి ఇంకో ఎనిమిది గ్రాములు చాలు. సాదా గాజుల్లాంటివి, తరుగు మజూరీ 8 శాతం దగ్గర ఒప్పుకుంటే జీఎస్టీతో కలిపి దాదాపు 89,000 అవుతుంది. మిగతా లక్షా పదకొండు వేలు పిల్ల కోసం. ఆ పిల్ల చదువుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, ఇప్పుడే చెప్పలేం. ఏ దారో తెలియనప్పుడు ఫండే మేలు, ఎందుకంటే దాన్ని రేపు నగగానూ మార్చుకోవచ్చు, ఫీజుగానూ కట్టుకోవచ్చు. నగను ఫీజుగా మార్చాలంటే కట్టిన కూలి వదులుకోవాలి.

లక్షా పదకొండు వేలూ ఒక్కరోజే పెట్టనక్కర్లేదు. ధర ఒక్కసారిగా పడే రోజులుంటాయి. 2024 జూలైలో కేంద్రం దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే నగకూ ఫండుకూ బాండుకూ ఒకేరోజు ధర పడింది. కోలారు గనులు 2001లో మూసేశాక మనకు ఇంచుమించు అంతా బయటి బంగారమే, కాబట్టి డాలరు, సుంకం, లండన్ ధర ఈ మూడూ కలిసి ఇక్కడి ధరను తేలుస్తాయి. వాటిని ఊహించే శక్తి ఎవరికీ లేదు. పంటకు మూడోవంతు చొప్పున మూడు పంటల్లో పెడితే ఒక్క రోజు ధరకు కట్టుబడకుండా ఉంటుంది. ఆ మధ్యకాలంలో మిగతాది బ్యాంకు డిపాజిట్‌లో ఉంచుకోవచ్చు.

ఫండును పిల్ల పేరునే తీయాలంటే తల్లో తండ్రో గార్డియన్‌గా ఉండాలి. పిల్లకు పద్దెనిమిది నిండిన రోజు ఆ ఖాతా కదలకుండా ఆగిపోతుంది. కొత్తగా పెట్టడానికీ ఉండదు, తీయడానికీ ఉండదు. పిల్ల సొంత పాన్, సొంత బ్యాంకు ఖాతా, కేవైసీ ఇచ్చి మేజర్‌గా మార్పించుకుంటేనే మళ్లీ తెరుచుకుంటుంది. కాలేజీ ఫీజు గడువు సరిగ్గా ఆ నెలల్లోనే వస్తుంది కాబట్టి పాన్‌కు దరఖాస్తు పదిహేడో ఏటనే ఆలోచించుకోవాలి, పుట్టినరోజు దాటిన వారంలోనే మేజర్ మార్పు కాగితాలు ఇచ్చేయాలి. ఈ తిప్పలు వద్దనుకుంటే తల్లి పేరున ఫండు తీసి, కూతుర్ని నామినీగా రాయించడం తేలిక. ఫోలియో నంబరు, ఫండు పేరు, ఏ ఫోను నంబరు ఇచ్చారో ఒక కాగితం మీద రాసి నగల బిల్లులు ఉన్న సంచిలోనే పెట్టండి, బిల్లులు ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలిసి ఉంటుంది కాబట్టి.